వెలగపూడిని దానంగా పుచ్చుకున్న గురువు: తంత్రం పరిధిలోకి ఎవరెవరు వస్తారు?

గుంటూరు జిల్లా తుళ్ళూరు మండలంలో, ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి పక్కనే మల్కాపురం అనే చిన్న ఊరుంది. అక్కడి రాతిస్తంభం మీద 1261 నాటి శాసనం ఒకటి ఉంది. కాకతీయ గణపతిదేవుడు మందరం అనే గ్రామాన్ని తన గురువుకు ఇస్తానని మాటిచ్చాడు. ఆయన కూతురు రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, దానికి వెలగపూడిని కూడా చేర్చి ధారపోసింది. మందరం అంటే ఇప్పటి మందడం. దానం పుచ్చుకున్న గురువు పేరు విశ్వేశ్వర శంభువు. గౌడదేశం నుంచి వచ్చిన శైవాచార్యుడు, గోళకీ మఠ పరంపరకు చెందినవాడు. ఆ ఆదాయంతో ఆయన గుడి నిలబెట్టాడు, మఠం పెట్టాడు, వేదాలు చెప్పడానికీ శాస్త్రాలూ ఆగమాలూ చెప్పడానికీ అధ్యాపకులను నియమించాడు. ఒక ప్రసూతిశాల, ఒక ఆరోగ్యశాల, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టే సత్రం ఏర్పాటు చేశాడు. బయటి నుంచి బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి భూములిచ్చి అగ్రహారంలో కాపురం పెట్టించాడు.

ఈ విశ్వేశ్వర శంభువు తాంత్రికుడు. అలంకారానికి అంటున్న మాట కాదు. మత చరిత్రకారులు ఆ పదాన్ని కచ్చితంగా వాడినప్పుడు దాని మధ్యభాగంలో నిలబడే మనిషి ఆయన. కాకతీయుల గురించి చిన్నప్పటి నుంచీ చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట వింటే వెంటనే ఒప్పుకోలేరు. శాసనంలో శ్మశానం లేదు, కపాలం లేదు, అర్ధరాత్రి బలి లేదు, స్త్రీపురుష సంయోగం లేదు. బాలింతలకూ రోగులకూ భూమి రాసిచ్చిన మనిషిని తాంత్రికుడని ఎలా అంటాం? అయితే ఆ పదం పట్ల మనకున్న అవగాహనలోనే ఏదో తేడా ఉండాలి. ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవడానికే ఈ వ్యాసం.

జనం మనసులో రెండు బొమ్మలు ఉన్నాయి. ఒకటి మన ఊళ్లది. ముగ్గులో నిమ్మకాయలు, కుంకుమ, పుర్రె, ఎర్రబట్టలు కట్టుకున్న మాంత్రికుడు. వార్తల్లో ‘క్షుద్రపూజలు’ అన్న శీర్షిక కింద కనిపించేది ఇదే. రెండోది అమెరికా, ఐరోపాల నుంచి తిరిగొచ్చింది. తంత్రం అంటే శృంగారాన్ని ధ్యానంగా మార్చే ప్రాచీన విద్య అని, రుసుము కట్టి శిబిరంలో నేర్చుకోవచ్చని ఇది చెబుతుంది. ఒకటి భయపెడుతుంది, ఇంకొకటి ఆకర్షిస్తుంది. రెండిటికీ పునాది మాత్రం ఒకటే: తంత్రం అంటే నిషేధాన్ని ఉల్లంఘించడం. ఆ పునాది మీద నిలబడి చూస్తే మల్కాపురం గురువు కంటికి ఆనడు.

దారం కోసే దీక్ష

విశ్వేశ్వర శంభువును తాంత్రికుణ్ణి చేసింది ఏమిటో తెలియాలంటే ఆయన రాజులకు ఇచ్చిన దీక్షలో ఏం జరిగేదో చూడాలి. మనకు అదృష్టవశాత్తూ ఆధారం ఉంది. మల్కాపురం శాసనం గోళకీ గురువుల వరుస చెబుతూ సోమశంభువు అనే పూర్వాచార్యుణ్ణి, ఆయన పేరు మీదుగా వచ్చిన ‘పద్ధతి’ గ్రంథాన్ని గుర్తుచేస్తుంది. 11వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన ఆ గ్రంథం ఇప్పటికీ దొరుకుతోంది. దీక్ష చేయించే గురువు చేతి కింద ఉంచుకోవాల్సిన పుస్తకం అది. అందుకే అందులో తత్త్వ చర్చ కన్నా చేయాల్సిన పనుల క్రమమే ఎక్కువ.

దాని వెనక ఉన్న సిద్ధాంతం సూటిగా ఉంటుంది. జీవుణ్ణి బంధించిన మలం అజ్ఞానం కాదు, అదొక ద్రవ్యం. ఈ శైవాచార్యులు తరచు చెప్పే పోలిక కంటిపొర. నా కంటికి పొర పట్టిందని తెలుసుకున్నంత మాత్రాన చూపు రాదు. వైద్యుడు శస్త్రం పట్టి దాన్ని తీయాలి. అలాగే మలాన్ని జ్ఞానం పోగొట్టలేదు. శివుడే గురువు శరీరంలో నిలబడి చేసే క్రియ ఒక్కటే దాన్ని తొలగించగలదు. ఆ క్రియ పేరే దీక్ష.

అసలైన మోక్షదీక్షకు, అంటే నిర్వాణదీక్షకు, ముందు గురువు భూమి మీద రంగు పొడులతో మండలం వేసి అందులో శివుణ్ణి ఆవాహన చేస్తాడు. తన చేతుల మీద, అవయవాల మీద మంత్రాలను న్యాసం చేసుకుని, అంటే ముట్టుకుంటూ నిలుపుకుని, తన దేహాన్ని మంత్రదేహంగా మార్చుకుంటాడు. తరవాత శిష్యుడి శిఖ నుంచి కాలి బొటనవేలి దాకా ఒక దారం వేలాడదీస్తాడు. దాన్ని పాశసూత్రం అంటారు. విశ్వమంతా ఐదు కళలుగా, అంటే ఐదు అంతస్తులుగా ఉందని వీరి లెక్క. కింద నివృత్తి, పైన ప్రతిష్ఠ, విద్య, శాంతి, అన్నిటికీ పైన శాంత్యతీత. ఈ ఐదింటినీ శిష్యుడి దేహం నుంచి దారం మీదికి మంత్రంతో ఎక్కిస్తాడు. ఆ తరవాత కింది కళ దగ్గర మొదలుపెడతాడు. ఆ అంతస్తులో ఈ జీవుడు ఇంకా ఎత్తాల్సిన జన్మలు, అనుభవించాల్సిన భోగాలు అన్నిటినీ హోమంలో ఒక్కసారిగా జరిపించేస్తాడు. అనుభవించాల్సింది మిగలకుండా పోయాక దారంలో ఆ భాగాన్ని కోసి అగ్నిలో వేస్తాడు. అలా ఐదు సార్లు. చివరికి శిష్యుడి ఆత్మను తన శ్వాసతో పైకి తీసుకుపోయి శివుడితో కలుపుతాడు. ఈ జన్మకు కారణమైన కర్మను మాత్రం ముట్టుకోడు, ముట్టుకుంటే శిష్యుడు అక్కడికక్కడే ప్రాణం విడవాలి. అది అనుభవంతో తీరిపోయాక, మరణంతో మోక్షం.

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. ఉపనయనం ఒక మనిషిని వైదిక కర్మకు అర్హుణ్ణి చేసినట్టు, దీక్ష అనే వేరే సంస్కారం అతణ్ణి ఇంకో రకం ఆరాధనకు అర్హుణ్ణి చేస్తోంది. ఈ అర్హత సూత్రప్రాయంగా శూద్రులకూ స్త్రీలకూ కూడా ఉంది. రెండోది, మంత్రం దేవతను స్తుతించే వాక్యం కాదు, మంత్రమే దేవత రూపం. మూడోది, పూజ చేసేవాడు ముందు తాను దేవత కావాలి, ఆ తరవాతే పూజ. ‘శివో భూత్వా శివం యజేత్’ అన్న మాట ఈ పద్ధతికంతటికీ తాళంచెవి. సన్న్యాసులకే పరిమితమైన పాశుపతుల వంటి పాత శైవ శాఖలకు భిన్నంగా, గృహస్థుకు కూడా మోక్షమూ సిద్ధీ రెండూ ఇస్తానన్న మంత్రమార్గం ఇది. మనకు దొరికినవాటిలో అతి ప్రాచీన శైవతంత్రమైన నిశ్వాసతత్త్వసంహిత తాళపత్రాలు నేపాల్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ గ్రంథం నుంచి సోమశంభువు దాకా, అక్కడి నుంచి మల్కాపురం దాకా ఒకే తీగ సాగింది.

దీక్ష తీసుకున్నవాళ్లు బతికినన్నాళ్లూ రోజూ పూజ, నియమాలు పాటించాలి. రాజుకు అది సాధ్యమా? అందుకే గ్రంథాలు నిర్బీజ దీక్ష అనే వెసులుబాటు కల్పించాయి. రాజులు, పిల్లలు, వృద్ధులు, రోగులు వంటివారికి ఆ నియమాల బరువు లేకుండానే దీక్ష. గురువుకు దక్షిణ ఇవ్వడం, గుడులూ మఠాలూ పోషించడం వాళ్లు చేసే సేవ. 8 నుంచి 13వ శతాబ్దం దాకా భారతదేశంలో ఇంతమంది రాజులు శైవాచార్యులకు గ్రామాలు ఎందుకు ధారపోశారో అర్థం కావాలంటే ఈ ఏర్పాటు తెలియాలి. గోళకీ పరంపర మూలపురుషుల్లో ఒకడైన సద్భావ శంభువుకు కలచురి రాజు యువరాజదేవుడు మూడు లక్షల గ్రామాలిచ్చాడని మల్కాపురం శాసనమే అంటుంది. ఆ అంకె పొగడ్త కావచ్చు. దాని వెనక ఉన్న సంబంధం మాత్రం నిజం. తంత్రం సమాజం అంచుల్లో దాక్కున్న రహస్య విద్య అన్న ఊహ ఈ ఒక్క విషయంతోనే కూలిపోతుంది. కొన్ని శతాబ్దాల పాటు అది రాజాస్థానపు మతం.

మరి కపాలం అబద్ధమా?

కాదు. జనంలో ఉన్న బొమ్మలను విడిచిపెట్టాలనే ఉత్సాహంలో చాలామంది ఇంకో తప్పు చేస్తారు. మద్యం అంటే మద్యం కాదు, యోగికి తాలువు నుంచి కారే అమృతం, మైథునం అంటే కుండలిని శివుడితో కలవడం అని అన్నిటినీ ప్రతీకలుగా మార్చేస్తారు. అలా చెప్పిన గ్రంథాలు ఉన్నాయి, ఆ వ్యాఖ్యానాలకు తమదైన చరిత్ర ఉంది. కానీ బ్రహ్మయామలం లాంటి పాత గ్రంథాలు కపాలాన్ని కపాలంగానే, శ్మశానాన్ని శ్మశానంగానే, మద్యమాంసాలనూ దేహస్రావాలనూ వాటి అసలు రూపంలోనే చెబుతాయి. వాటిని ప్రతీకలు అనడం ఆ రచయితల మాటను మనం చెరిపేయడమే అవుతుంది.

తేలికగా జారిపోయే విషయం ఒకటి ఇక్కడ ఉంది. ఈ ఉల్లంఘనకు అర్థం ఎవరి జీవితంలో ఉంటుంది? మద్యం రోజూ తాగేవాడికి మద్యం తాగడం సాధన కాదు. శుచి, అశుచి అన్న గీతలు ఒళ్లంతా గీసుకుని బతికే బ్రాహ్మణ గృహస్థుకే అది పరీక్ష. ఇది ముట్టుకుంటే నేను మైలపడతానన్న ఆ శంకే అసలైన బంధమని కాశ్మీర కౌలాచార్యుల, అంటే మద్యమాంసాలతో పూజ చేసే శాఖ గురువుల, వాదన. 1000 ప్రాంతంలో తంత్రాలోకం రాసిన అభినవగుప్తుడు కౌల విధికి 29వ ఆహ్నికాన్ని, అంటే అధ్యాయాన్ని, కేటాయించాడు గాని, అది అందరికీ కాదని, అర్హత బహు కొద్దిమందికే ఉంటుందని స్పష్టం చేశాడు. ఆయన వ్యాఖ్యాత జయరథుడు ఉదహరించిన ఒక మాట ఈ మనుషుల బతుకును చక్కగా చెబుతుంది: ‘అంతః కౌలో బహిః శైవో లోకాచారే తు వైదికః’. లోపల కౌలుడు, బయటికి శైవుడు, లోకవ్యవహారంలో వైదికుడు. వీళ్లు వేదాన్ని వదిలిపెట్టి వెళ్లిపోయినవాళ్లు కాదు. ఉదయం సంధ్య వార్చి, అదే మనిషి అదే ఊళ్లో రహస్యంగా ఇంకో దీక్షను నిలబెట్టుకున్నాడు.

కాబట్టి ఉల్లంఘన తంత్రానికి ఒక కొస. ఆ కొసలో జరిగేది కూడా దీక్ష, న్యాసం, మండలం, మంత్రం అన్న ఉమ్మడి పద్ధతి మీదే జరుగుతుంది. గోళకీ గురువు ఆ ఉమ్మడి పద్ధతిని పాలు, నెయ్యి, పువ్వులతో చేస్తాడు. కౌలుడు మద్యమాంసాలతో చేస్తాడు. అలాగే తంత్రాల్లో మారణం, ఉచ్చాటనం, వశీకరణం లాంటి కర్మలూ ఉన్నాయి, దాచాల్సిన పనిలేదు. అయితే ఊళ్లో ఎవరికో జ్వరమొస్తే పక్కింటి ముసలమ్మ మీద చేతబడి, బాణామతి నేరం మోపి కొట్టి చంపడానికి ఈ గ్రంథాలతో సంబంధం లేదు. ఆస్తి తగాదా, రోగభయం, దిక్కులేని మనిషి మీద పగ అక్కడ పనిచేస్తాయి. వార్తల్లో రెండిటికీ ‘తాంత్రిక’ అన్న ఒకే ముద్ర వేయడం వల్ల చరిత్రా అర్థం కాదు, ఆ హత్యా అర్థం కాదు.

బొమ్మ ఎవరు గీశారు?

ఇది ఇంగ్లీషువాళ్ల పనే అని అనడం ఇప్పుడు అలవాటైపోయింది. సగమే నిజం. కాపాలికుడంటే కపాలం చేతపట్టి తిరిగే శైవ సాధకుడు. భయపెట్టే కాపాలికుణ్ణీ నవ్వించే కాపాలికుణ్ణీ తయారుచేసింది మన సంస్కృత కవులే. 7వ శతాబ్దంలో పల్లవ మహేంద్రవర్మ మత్తవిలాస ప్రహసనంలో తాగి తూలే కాపాలికుణ్ణి రంగం మీదికి తెచ్చాడు. అదే శతాబ్దంలో బాణుడు కాదంబరిలో చండిక గుడి దగ్గరుండే ఒక ద్రావిడ వృద్ధుణ్ణి వర్ణించాడు. లత్తుక రంగుతో రాసి పొగచూరిన తాళపత్ర మంత్రతంత్ర పుస్తకాలు పోగేసుకుని, శ్రీపర్వతపు వింతలు వేల కొద్దీ చెప్పే మనిషి. తరవాతి శతాబ్దంలో భవభూతి మాలతీమాధవంలో అఘోరఘంటుడనే కాపాలికుడు మాలతిని చాముండకు బలివ్వబోతాడు. అతని శిష్యురాలు కపాలకుండల శ్రీపర్వతం నుంచి ఆకాశమార్గాన వస్తుంది. ఈ శ్రీపర్వతాన్ని చాలామంది పండితులు మన శ్రీశైలంగానే గుర్తించారు.

ఈ నాటకం జాగ్రత్తగా చదివితే ఇంకో మనిషి కనిపిస్తుంది. సౌదామిని అనే స్త్రీ కూడా అదే శ్రీపర్వతం మీద కాపాలిక వ్రతం పట్టి మంత్రసిద్ధి సంపాదించింది. ఆమె ఆ శక్తితో మాధవుణ్ణి ఆదుకుంటుంది. ఒకే కొండ, ఒకే వ్రతం, ఒకరు ప్రాణం తీయడానికి, ఒకరు నిలబెట్టడానికి. భవభూతి కాలపు ప్రేక్షకుడికి కాపాలికుడు అనగానే దుర్మార్గుడు అన్న ఒక్క అర్థమే లేదన్నమాట. మన జానపద సినిమాల దాకా వచ్చేసరికి అఘోరఘంటుడు మిగిలాడు, సౌదామిని జారిపోయింది.

విద్యార్థి పట్టుకోవాల్సిన మెళకువ ఇక్కడుంది. తంత్రం గురించి మూడు రకాల ఆధారాలు దొరుకుతాయి. విధి గ్రంథం ఏం చేయాలో చెబుతుంది, నిజంగా ఎంతమంది చేశారో చెప్పదు. కావ్యం, ప్రహసనం ఇతరులు ఏం భయపడ్డారో, దేన్ని చూసి నవ్వుకున్నారో చెబుతాయి. శాసనం దేనికి డబ్బు, భూమి ఇచ్చారో చెబుతుంది. కౌల విధి మీద మొదటి రకం ఆధారం పుష్కలం, రెండో రకం ఇంకా పుష్కలం, మూడో రకం చాలా తక్కువ. దానికి ఎదురు, గోళకీ మఠం లాంటి శైవసిద్ధాంత మఠాలకు శాసనాలు దేశమంతా ఉన్నాయి, కావ్యాల్లో వాటి మీద వినోదం లేదు. జనం జ్ఞాపకం మాత్రం కావ్యాల నుంచే వచ్చింది.

ఆ తరవాత వలసపాలన దాన్ని ఇంకో మలుపు తిప్పింది. శ్రీరాంపూర్ మిషనరీ విలియం వార్డ్ వంటివాళ్లు 19వ శతాబ్దం మొదట్లో తంత్రాలను హిందువుల పతనానికి సాక్ష్యంగా చూపారు. వాళ్ల చుట్టూ ఉన్నది బెంగాల్, అక్కడి శాక్త ఆచారం. బెంగాల్ శాక్తం మొత్తం తంత్రానికి నమూనా అయిపోయింది, దక్షిణాదిలో గుళ్లల్లో రోజూ జరిగే శైవ, వైష్ణవ ఆగమ పూజ ఆ పేరు కిందికి రాలేదు. ‘తాంత్రిసిజం’ అనే ఒక మతం ఉన్నట్టు యూరప్ పండితులు మాట్లాడటం ఆ శతాబ్దంలోనే స్థిరపడింది.

కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ ఉడ్రాఫ్ ఆర్థర్ ఆవలాన్ అన్న పేరుతో బెంగాలీ పండితుల సాయంతో తంత్రాన్ని సమర్థించడానికి పూనుకున్నాడు. 1913లో మహానిర్వాణతంత్రాన్ని ఇంగ్లీషులో వెలువరించాడు. ఆ గ్రంథం 18వ శతాబ్దపు బెంగాల్‌లో పుట్టిందని ఇప్పుడు పలువురు పండితుల అభిప్రాయం. తంత్రాల వరుసలో ఎంతో చివరిది, అప్పటికే ఎన్నో సంగతులను మెత్తబరిచినది. బయటి ప్రపంచంలో చాలామంది తంత్రాన్ని మొదట చదివింది అందులోనే. ఇంతలో అమెరికాలో పియర్ బెర్నార్డ్ అనే అతను 20వ శతాబ్దం మొదటి దశకంలోనే తాంత్రిక సంఘం ఒకటి పెట్టి, పత్రికల్లో శృంగార అపవాదులతో పేరు మోశాడు. శిబిరాల తంత్రానికి వంశవృక్షం గీస్తే అది అభినవగుప్తుడి దగ్గరికి పోయే ముందు న్యూయార్క్‌లో ఆగుతుంది.

ఒకే లక్షణంతో నిర్వచించవచ్చా?

బొమ్మలు తప్పుదారి పట్టిస్తున్నాయని తేలిపోయింది. అయితే సరైన నిర్వచనం ఏది? కొందరు పండితులు అసలు ‘తంత్రం’ అనే వర్గమే పనికిరాదని, యూరప్ కల్పన అని అన్నారు. వాళ్ల అసహనం అర్థం చేసుకోదగ్గదే. కానీ భాగవతం ఏకాదశ స్కంధం 27వ అధ్యాయంలో కృష్ణుడు ఉద్ధవుడితో తన ఆరాధన వైదికం, తాంత్రికం, మిశ్రం అని మూడు విధాలంటాడు. వైదికానికి పక్కన తాంత్రికం అనే ఇంకో ఆరాధన విధానం ఉందని, రెండూ కలిసినదీ ఉందని ఆ శ్లోకం రాసినవాడికి బాగా తెలుసు. యూరప్ కల్పించింది ఆ మాటను ఒక ప్రత్యేక మతంగా, ఒక సారాంశం ఉన్న వస్తువుగా మార్చడం. క్రియాపద్ధతిని చెప్పే విశేషణంగా అది ఇక్కడిదే.

1990లో డగ్లస్ బ్రూక్స్ అనే మతచరిత్రకారుడు శ్రీవిద్య అనే దేవీ ఉపాసనను అధ్యయనం చేస్తూ ఇంకో దారి సూచించాడు. ఒక్క లక్షణం కోసం వెతకవద్దు, లక్షణాల గుచ్ఛం పెట్టుకోమన్నాడు. వేదానికి అదనంగా సొంత గ్రంథాలు, గురువు, దీక్ష, కులలింగ భేదాలను దాటే అర్హత, బీజమంత్రాలు, యంత్రమండలాలు, కుండలినీ యోగం, అద్వైత దృష్టి, దైవాన్ని శివశక్తులనే జంటగా చూడటం, రహస్యం, నిషిద్ధ ద్రవ్యాలు, ఇలాంటివి ఓ పది. ఇవన్నీ ఉండాలని లేదు. ఏ ఒక్కటీ తప్పనిసరి కాదు. ఎక్కువ ఉంటే లోపలికి, తక్కువ ఉంటే అంచుకు.

మల్కాపురం గురువును దీని మీద పెట్టి చూద్దాం. సొంత ఆగమాలు ఉన్నాయి, వాటిలో కొన్ని తమను తాము తంత్రాలనే పిలుచుకుంటాయి. గురువు ఉన్నాడు, దీక్ష ఉంది, కులం దాటే అర్హత ఉంది, బీజమంత్రాలూ మండలమూ ఉన్నాయి. నిషిద్ధ ద్రవ్యాలు లేవు. జీవుడూ శివుడూ ఎప్పటికీ వేరువేరే అని చెప్పే ద్వైతం కాబట్టి అద్వైతం లేదు. అయినా సంకోచం లేకుండా లోపలికి వస్తాడు. ఇక శిబిరాల తంత్రాన్ని పెట్టి చూస్తే గ్రంథం లేదు, దీక్ష లేదు, న్యాసం లేదు, మండలం లేదు. సంయోగం ఒక్కటే ఉంది. అంచుకు కూడా చేరదు. జనం బొమ్మ ప్రకారం వచ్చే జవాబుకు ఇది పూర్తిగా ఎదురు.

ఈ పద్ధతికి లోపం లేకపోలేదు. గుచ్ఛం వదులుగా ఉంటే ప్రతిదీ తంత్రమైపోతుంది. మన ఇళ్లల్లో లలితా సహస్రనామ పారాయణకు ముందు ‘వశిన్యాది వాగ్దేవతా ఋషయః’ అంటూ ఋషి, ఛందస్సు, బీజం, శక్తి, కీలకం చెప్పి, వేళ్లు ముట్టుకుంటూ కరన్యాసం, గుండె, తల, శిఖ ముట్టుకుంటూ అంగన్యాసం చేస్తారు. దేహాన్ని మంత్రదేహం చేసే సోమశంభువు పనికి ఇది చిన్నరూపం. అయితే శుక్రవారం పారాయణ చేసే ప్రతి గృహిణీ తాంత్రికురాలా? నా ఉద్దేశంలో కాదు, ఎందుకంటే దీక్ష లేదు. దీక్ష అనే ఒక్కదానికి మాత్రం మిగతావాటి కన్నా ఎక్కువ బరువు ఇవ్వాలని నేను అనుకుంటాను. తంత్రాలు రాసినవాళ్లు కూడా దానికే ఎక్కువ బరువు ఇచ్చారు. శ్రీవిద్యోపాసనలో దీక్ష పొందినవాళ్లు అదే స్తోత్రాన్ని అదే గదిలో చదివితే సంగతి వేరు. దీక్ష లేని పారాయణకు భాగవతం ఇచ్చిన ‘మిశ్రం’ అన్న పేరు బాగా సరిపోతుంది.

ఇలా దీక్షకు బరువిస్తే తిరుపతి దగ్గర గట్టి చిక్కు ఎదురవుతుంది. తిరుచానూరు పద్మావతి అమ్మవారి గుడిలో పూజ పాంచరాత్ర ఆగమం ప్రకారం, కొండ మీద వేంకటేశ్వరుడి పూజ వైఖానస ఆగమం ప్రకారం జరుగుతుంది. పాంచరాత్రంలో గురువు ఇచ్చే దీక్ష ఉంది, ఆ సంహితల్లో లక్ష్మీతంత్రం లాంటి పేర్లే ఉన్నాయి. వైఖానస అర్చకుడు అలాంటి దీక్ష తీసుకోడు. తల్లి గర్భంలో ఉండగానే విష్ణుబలి అనే సంస్కారంతో అతడు వైష్ణవుడై పుడతాడని వాళ్ల నమ్మకం. భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకోడు. తన శాఖకు విఖనసుడి కల్పసూత్రం ఉందని, తాను వైదికుణ్ణని చెబుతాడు. వైఖానస గ్రంథాలే తమది సౌమ్యం, వైదికం అని, పాంచరాత్రం ఆగ్నేయం, తాంత్రికం అని విడదీశాయి.

కానీ గర్భగుడిలో చేతులు చేసే పని చూస్తే తేడా సన్నబడిపోతుంది. రెండు చోట్లా ఆవాహన ఉంది, న్యాసం ఉంది, విగ్రహంలో దైవాన్ని మంత్రంతో నిలిపి నిత్యం నిలబెట్టుకునే క్రమం ఉంది. వైఖానసంలో ధ్రువబేరం అనే కదలని మూలవిగ్రహం నుంచి శక్తిని రోజువారీ పూజ అందుకునే కౌతుకబేరం అనే విగ్రహంలోకి తెస్తారు. యజ్ఞశాలలో అగ్నికి హవిస్సు ఇచ్చిన శ్రౌత కర్మ కన్నా ఇది సోమశంభువు పద్ధతికే దగ్గర. దీక్షను కొలతగా పెట్టుకుంటే తిరుచానూరు లోపల, తిరుమల బయట. చేతిపనిని కొలతగా పెట్టుకుంటే రెండూ లోపలే. అర్చకుల మాటనే తీసుకుంటే గీత కొండకూ తిరుచానూరుకూ మధ్యన పడుతుంది. ఈ మూడింటిలో దేన్ని ఎంచుకున్నామో, ఎందుకు ఎంచుకున్నామో మొదటి పేజీలోనే చెప్పని పరిశోధన వ్యాసం ‘తాంత్రిక’ అన్న మాట వాడినా చదివేవాడికి ఏమీ తెలియదు.